పేరెంట్స్ మీటింగ్ ఆహ్వానం: నాలుగైదు భాషల ఇళ్లకు ఒకే కాగితం ఎలా రాయాలి?

సుద్దముక్క · సోమవారం, రాత్రి 9:12

నేను హైదరాబాద్ శివారులో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి టీచర్‌ని. క్లాసులో 38 మంది. తెలుగు ఇళ్ల నుంచి 14 మంది, లంబాడా పిల్లలు 9, ఉర్దూ 7, బిహార్ నుంచి పనికి వచ్చినవాళ్ల పిల్లలు 6, ఒడిశా పిల్లలు ఇద్దరు. నెలనెలా మూడో శనివారం మీటింగ్ పెడతాం. పోయిన నెల వచ్చింది తొమ్మిది మంది. అందులో ఎనిమిది తెలుగు ఇళ్లే.

ఈ నెల 15న శనివారం మీటింగ్. ఎస్.ఏ-1 పరీక్ష మార్కులు కూడా చెప్పాలి. మా బడిలో ఏళ్లుగా నడుస్తున్న కాగితం ఇదీ:

*"గౌరవనీయులైన తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా, తేది 15 శనివారం ఉదయం 10:30 గం.లకు జరుగు సమావేశమునకు తప్పనిసరిగా హాజరు కావలెను. ఎజెండా: 1. ప్రధానోపాధ్యాయుల ఉపన్యాసం 2. ఎస్.ఏ-1 ఫలితాల సమీక్ష 3. తొలిమెట్టు స్థాయిల వివరణ 4. గైర్హాజరగు పిల్లల తల్లిదండ్రులకు సూచనలు 5. ఆధార్, అపార్ పత్రాల సమర్పణ 6. ఇంటి వద్ద పిల్లలతో తెలుగు, ఇంగ్లీషు మాట్లాడించుట 7. అధ్యక్షుల అనుమతితో ఇతర అంశములు. గమనిక: తెలుగు రాని వారు తెలిసిన వారిని వెంట తెచ్చుకొనవలెను."*

దీన్ని హిందీ, ఉర్దూ, ఒడియాల్లోకి మార్పించి పంచుదామని నా ఆలోచన. మార్చేవాళ్లు దొరుకుతారు. కానీ ముందు ఈ తెలుగే సరిగ్గా ఉందా అని అనుమానం వచ్చింది. చదివి చెప్పండి.

---

నిజాంపేట నాన్న · సోమవారం, రాత్రి 9:40

మా బడిలోనూ ఇదే గోల మేడమ్. యాప్‌లో ఇంగ్లీషు మెసేజ్ వస్తుంది, స్లాట్ బుక్ చేసుకోవాలి, మనిషికి ఏడు నిమిషాలు. తీరా వెళ్తే ఫీజు డ్యూ గురించి మాట్లాడతారు. మా ఆవిడ ఇంగ్లీషులో మాట్లాడడానికి మొహమాటపడి నన్నే పంపుతుంది. మీరు కూడా ఆ స్లాట్ల పద్ధతి పెట్టండి, గుంపు ఉండదు.

---

సుద్దముక్క · సోమవారం, రాత్రి 9:51

మాకు గుంపు ఎక్కువై ఇబ్బంది కాదండీ, అసలు మనుషులే రావట్లేదు 🙂 యాప్ మాట దేవుడెరుగు, సగం ఇళ్లలో ఫోన్ ఒక్కటే, అది నాన్నతో పనికి పోతుంది.

---

చట్టం చదివా · సోమవారం, రాత్రి 10:05

విద్యాహక్కు చట్టం 2009లో సెక్షన్ 29 ఉంది. మాతృభాషలో ఇవ్వాలని స్పష్టంగా రాసి ఉంది. కాబట్టి ఐదు భాషల్లో అచ్చు వేయించి ఇవ్వడం మీ బాధ్యత. ఖర్చు ఎంఈఓ ఆఫీసు భరించాలి. లేఖ పెట్టండి.

---

ఇటుకబట్టి బడి · సోమవారం, రాత్రి 10:48

చట్టం గారు చెప్పిన సెక్షన్ ఉన్నమాట నిజమే కానీ అది బోధన గురించి. సాధ్యమైనంత వరకు పిల్లవాడి మాతృభాషలో బోధించాలి అంటుంది. ఇంటికి పంపే కాగితాల ఊసు అందులో లేదు. ఆ పేరు చెప్పి లేఖ పెడితే మేడమ్ ఇబ్బంది పడతారు.

నేను రిటైర్ అయ్యాను. చివరి ఏళ్లలో ఇటుక బట్టీల దగ్గర ఒడియా పిల్లల కోసం నడిచిన బడులు చూసేవాణ్ణి. అక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్తా, మీకు పనికొస్తుంది.

మొదటి మీటింగుకి మేం కూడా కాగితం చక్కటి ఒడియాలో రాయించాం. అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి. ఎవరూ రాలేదు. విచారిస్తే మూడు సంగతులు తేలాయి. వాళ్లు బలాంగీర్ వైపు వాళ్లు, ఇంట్లో మాట్లాడేది సంబల్‌పురి. మేం పిల్లలకి "పిలా" అని రాశాం, వాళ్లనేది "ఛుఆ". ఇదైతే చిన్న విషయం, అర్థం చేసుకుంటారు. రెండోది, తల్లుల్లో ఎక్కువమందికి చదువే రాదు, ఏ లిపిలో రాసినా ఒకటే. మూడోదే అసలు దెబ్బ. చదవడం వచ్చింది సర్దార్‌కి, అంటే వాళ్లని తీసుకొచ్చిన మేస్త్రీకి. కాగితాలన్నీ అతని చేతికే వెళ్లాయి. అందులో "తప్పనిసరి", "ఆధార్ తీసుకురండి" అని ఉంది. పొద్దున పని ఆగుతుంది, పైగా ఎవరో పేర్లు రాసుకుంటారని అతనికి భయం. "ఏం లేదు, పనికి పదండి" అన్నాడట.

కాగితం ఏ భాషలో ఉంది అనేదానికన్నా ముందు, అది ఎవరి నోటి మీదుగా ఆ తల్లిని చేరుతుందో చూడాలి. మీ ముసాయిదా గురించి రేపు వివరంగా రాస్తాను, కళ్లు లాగుతున్నాయి.

---

పలమనేరు మాస్టారు · మంగళవారం, ఉదయం 6:20

మాది మూడు రాష్ట్రాల కూడలి. మా బడిలో తమిళం ఇళ్లు, కన్నడం ఇళ్లు రెండూ ఉన్నాయి. మాట్లాడడానికి తెలుగు అందరికీ వస్తుంది, అందుకే మనం జాగ్రత్త పడం. చిక్కంతా అక్కడే. ఒకసారి నేను "మీతో మాట్లాడవలసిన అవసరం ఉంది" అని చీటీ రాసి పంపితే, ఒక తమిళం ఇంటి నాయన పొలంలోంచి బురద కాళ్లతో పరిగెత్తుకొచ్చాడు. బిడ్డకి ఏమైందో అని. తమిళంలో అవసరం అంటే అర్జెంటు. కన్నడంలోనూ తొందరే. మనకేమో పని ఉంది అని మాత్రమే.

మేడమ్ కాగితంలో అట్లాంటివి రెండు కనబడినాయి. "ఉపన్యాసం" అనే మాటని ఎవరైనా అట్లే హిందీలో ఎత్తి రాస్తే "ఉపన్యాస్" అవుతుంది. హిందీలో దానికి అర్థం నవల. హెడ్‌మాస్టరు గారు నవల చదువుతారని రావడం మానేసినా మానేస్తారు. రెండోది రివర్సు. హిందీలో ఈ మీటింగుని "అభిభావక్-శిక్షక్ బైఠక్" అంటారు. వాళ్లకి శిక్ష అంటే చదువు. తెలుగు పిల్లకాయ ఎవరైనా దాన్ని పక్కింటివాళ్లకి చదివి వినిపిస్తే "శిక్ష ఏదో వేస్తారంట" అంటాడు.

---

పట్నా టు పటాన్‌చెరు · మంగళవారం, ఉదయం 8:02

మాస్టారు గారు 😂 శిక్ష సంగతి నిజం. నాన్న 24 ఏళ్ల కింద ఇక్కడికి వచ్చారు, నాకప్పుడు ఆరేళ్లు. బడి గోడ మీద "శిక్షణ" అని చూసి ఇదొక్కటి నాకు తెలుసు అనుకున్నా. తర్వాత సార్ "శిక్ష వేస్తా" అంటే సంతోషపడ్డా.

అభిభావక్ అనే మాట కూడా వద్దు మేడమ్. అది ఆఫీసు హిందీ. మా అమ్మకి హిందీయే రెండో భాష, ఇంట్లో మాది భోజ్‌పురి. "బచ్చే కీ పఢాయీ కే బారే మే బాత్ కర్నీ హై, ఆయియే" అంటే చాలు. అంతకు మించి ఏం రాసినా నోటీసు అవుతుంది. నోటీసు అంటే మా నాన్నకి రూమ్ ఖాళీ చేయమనడమే.

కింది గమనిక, "తెలుగు రాని వారు తెలిసిన వారిని వెంట తెచ్చుకొనవలెను", ఇది మాత్రం తీసేయండి ప్లీజ్. అమ్మ ఎప్పుడూ నన్నే తీసుకెళ్లేది. టీచర్ "వీడు లెక్కలు చేయడు, మాటలెక్కువ" అనేది. నేను అమ్మకి "లెక్కలు బాగా చేస్తాడంట, బాగా మాట్లాడతాడంట" అని చెప్పేవాణ్ణి. ఐదో తరగతి దాకా మా ఇంట్లో నేను క్లాస్ ఫస్ట్.

---

తండా బిడ్డ · మంగళవారం, మధ్యాహ్నం 1:15

అన్నా, నువ్వు అదృష్టవంతుడివి. నేను నిజమే చెప్పి దెబ్బలు తిన్నా.

సుద్దముక్క అక్కా, మా లంబాడా వాళ్ల గురించి ఒక మాట. మా భాషకి సొంత లిపి లేదు, ఇక్కడ రాస్తే తెలుగు లిపిలోనే రాసుకుంటం. అందుకని "మీకు తెలుగు వచ్చు కదా" అని అందరూ అదే కాగితం ఇచ్చేస్తారు. మా యాడికి, అంటే అమ్మకి, సంత తెలుగు వచ్చు, కూరగాయలు బేరం ఆడుతుంది, ఆటో ఆయనతో కొట్లాడుతుంది. కానీ "ఫలితాల సమీక్ష", "స్థాయిల వివరణ" అంటే తెలియదు. ఆ తొమ్మిది మందిని మీరు భాష తెలిసినవాళ్లలో లెక్కేశారేమో చూడండి.

ఆరో పాయింట్ గురించి చెప్పాలి. "ఇంటి వద్ద తెలుగు మాట్లాడించుట". మా టీచరు మీటింగుల యాడిని నిలబెట్టి ఇదే చెప్పింది. మంచికే చెప్పింది, నేను కాదనను. యాడి ఇంటికొచ్చి నాతో తెలుగుల మాట్లాడుడు మొదలుపెట్టింది. ఆమెకి వచ్చిన తెలుగు ఎంత? "తిన్నవా, పో, రా, పడుకో". అంతకుముందు రాత్రిపూట కథలు చెప్పేది, పాటలు పాడేది, అవి ఆగిపోయినయి. ఒక ఏడాది మా ఇంట్ల మాటలే తగ్గినయి అక్కా.

---

నిజాంపేట నాన్న · మంగళవారం, మధ్యాహ్నం 2:30

బాధ అర్థమవుతోంది అమ్మా. కానీ ప్రాక్టికల్‌గా చూడాలి కదా. మా నాన్న తిట్టి కొట్టి ఇంగ్లీషు మాట్లాడించబట్టే నాకు ఉద్యోగం వచ్చింది. టీచర్ గారు ఇంట్లో తెలుగు, ఇంగ్లీషు మాట్లాడమనడంలో తప్పేముంది? ఇప్పుడు ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లీషు మీడియమే కదా.

---

ఇటుకబట్టి బడి · మంగళవారం, సాయంత్రం 5:35

మీ నాన్నగారికి ఇంగ్లీషు వచ్చు కాబట్టి మాట్లాడించగలిగారు. రాని భాషలో మాట్లాడమని తల్లికి చెప్తే, ఆ ఇంట్లో పిల్లవాడు వినే మాటలే తగ్గిపోతాయి. తండా బిడ్డ చెప్పింది అదే. తెలుగు నేర్పే పని బడిది, ఆ పని మీద తల్లికి సంతకం పెట్టించకూడదు.

ఇక ముసాయిదా. నేను ఒక్కొక్క అంశం దగ్గర ఆగి ఒకటే చూశాను. ఈ మాట వింటే ఇంట్లో తల్లికి ఏం అనిపిస్తుంది అని.

"తప్పనిసరిగా హాజరు కావలెను" అంటే, రాకపోతే పిల్లవాడి పేరు కొట్టేస్తారేమో అనిపిస్తుంది. పైగా పది ముప్పై. అడ్డా మీదకు వెళ్లేవాళ్లు ఎనిమిదికల్లా బయల్దేరతారు. పదిన్నరకి రమ్మంటే ఆ రోజు కూలి మొత్తం వదులుకోమనడమే. "ఆ తల్లిదండ్రులకి శ్రద్ధ లేదు" అని స్టాఫ్ రూములో అనుకునే మాటలో సగం ఈ పదిన్నర వల్ల వచ్చిందే.

"గైర్హాజరగు పిల్లల తల్లిదండ్రులకు సూచనలు" అని రాస్తే పండక్కి ఊరెళ్లి నెల రోజులు ఆగినవాళ్లు ఆ మీటింగుకి రారు. ఎవరితో మాట్లాడాలనుకున్నారో వాళ్లనే ఈ వాక్యం ఆపేస్తుంది. ఎజెండాలోంచి తీసేసి, వచ్చినప్పుడు విడిగా మాట్లాడండి.

"ఆధార్, అపార్ పత్రాలు", అంటే గుర్తింపు కాగితాల మాట, ఈ ఆహ్వానంలో ఉండకూడదు. వయసు రుజువు లేదని చేర్చుకోకుండా ఉండరాదని చట్టంలోనే ఉంది, సెక్షన్ 14. చట్టం గారు ఈసారి ఏకీభవిస్తారనుకుంటా. బడికి పత్రాలు కావాలి, నిజమే, మీ మీద పై నుంచి ఒత్తిడి ఉంటుంది. దానికి వేరే రోజు పెట్టుకోండి. ఈ కాగితంలో స్పష్టంగా "ఏ పత్రాలూ తేనక్కర్లేదు" అని రాయండి. బట్టీ దగ్గర రెండోసారి మేం చేసిన మార్పుల్లో ఎక్కువ పనిచేసింది ఇదే.

"తొలిమెట్టు స్థాయిలు" మన టీచర్ల మాట, పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చాయో చెప్పేది. 2022 నుంచి మనం రోజూ అంటున్నాం కాబట్టి అందరికీ తెలుసనుకుంటాం. తల్లికి కావలసింది, నా బిడ్డ చదవగలుగుతున్నాడా లేదా. అక్కడ పిల్లవాడి చేత రెండు వాక్యాలు చదివించండి, చూపించినట్టు ఉంటుంది.

ఏడు అంశాలు అక్కర్లేదు. మూడు చాలు. అందులో ఒకటి వాళ్లు మాట్లాడేది అయ్యుండాలి, చివర్న కాదు, మధ్యలో.

---

చట్టం చదివా · మంగళవారం, సాయంత్రం 6:10

సెక్షన్ 14(2), ఏకీభవిస్తున్నాను. సెక్షన్ 29 విషయంలో పొరపడ్డాను. అయినా ఐదు భాషల్లో ఇస్తే గౌరవంగా ఉంటుందనే నా అభిప్రాయం మారలేదు.

---

చార్మినార్ చాయ్ · మంగళవారం, రాత్రి 8:44

ఉర్దూ మీడియం టీచర్‌ని, పాతబస్తీ. ఎవరో పైన హిందీ, ఉర్దూ, ఒడియా విడివిడిగా అన్నారు. చెవికి హిందీ, ఉర్దూ ఒకటే వాయిస్ మెసేజ్ సరిపోతుంది మేడమ్, సాదా మాటలు వాడితే. "ఘర్‌వాలే" అంటే ఇద్దరికీ తెలుసు. మీరు "వాల్దైన్" అంటే బిహార్ వాళ్లు ఆగుతారు, "మాతా-పితా" అంటే మా వాళ్లు ఆగుతారు. కంటికి మాత్రం రెండూ వేరు. హిందీ అక్షరాల కాగితం ఉర్దూ ఇంటికి ఇస్తే అర్థం కాదని కాదు, "మమ్మల్ని లెక్కలోకి తీసుకోలేదు" అనిపిస్తుంది. ఉర్దూ టైపింగ్ కోసం తిరగకండి, ఎవరి చేతనైనా చేత్తో రాయించి జిరాక్స్ తీయండి. మా ఇళ్లలో పెళ్లి రుక్కా, అంటే శుభలేఖ, దాని తర్వాత చేతిరాత ఉర్దూ కాగితం అంటే విలువే వేరు.

వాయిస్‌లో "తుమ్" వద్దు, "ఆప్" అనండి. దక్కనీలో పెద్దవాళ్లని కూడా "తుమే" అంటాం, ఇంట్లో అది ప్రేమ. కానీ బడి నుంచి వస్తే ఆప్ ఉండాలి.

సాయంత్రం పెడితే ఒక సంగతి. నవంబరులో మగ్రిబ్ నమాజు ఐదూ నలభై ప్రాంతంలో. ఐదున్నరకి ముగించండి.

---

న్యూజెర్సీ అమ్మ · బుధవారం, ఉదయం 7:30

ఇక్కడ బడిలో చేర్చేటప్పుడే ఒక ఫారం ఇస్తారు. ఇంట్లో ఏ భాష, పిల్లలు మొదట మాట్లాడింది ఏది, బడి మీకు ఏ భాషలో చెప్పాలి అని. మా అత్తగారు పిల్లాణ్ణి చేర్చడానికి వెళ్లి తెలుగు అని రాశారు. కాన్ఫరెన్స్ రోజు దుబాసీ ఫోన్‌లో లైన్లోకి వచ్చి "నమస్తే, కైసే హై ఆప్" అంది. ఇండియా అంటే హిందీ అనుకున్నారు. అత్తగారు పాపం ఇరవై నిమిషాలు "అచ్ఛా, అచ్ఛా" అంటూ కూర్చుని వచ్చారు. ఏం చెప్పారత్తయ్యా అంటే "మంచమ్మాయి" అన్నారు.

అందుకని చెప్తున్నా, బిహార్ అంటే హిందీ, ముస్లిం అంటే ఉర్దూ అని మనమూ ఊహించి కాగితాలు పంచకూడదు. అడగాలి. మా ఫారంలో నాకు నచ్చింది ఆ మూడో ప్రశ్నే, మీకు ఏ భాషలో చెప్పాలి అని. మాట్లాడే భాష, చదివే భాష వేరు కావచ్చు.

---

సుద్దముక్క · బుధవారం, రాత్రి 9:20

అందరికీ దండాలు. ఈ రోజు క్లాసులో చేసి చూశా. పిల్లల్ని ఒక్కొక్కరినీ అడిగా: ఇంట్లో అమ్మ నీతో ఏం మాట్లాడుతుంది, ఇంటికి కాగితం వస్తే ఎవరు చదువుతారు, ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది. నేను ఉర్దూ అనుకున్న ఏడుగురిలో ఇద్దరివి తెలుగు మాత్రమే చదివే ఇళ్లు. ఒడిశా పిల్లలు ఇద్దరిలో ఒకమ్మాయి ఇంట్లో అక్క ఎనిమిదో తరగతి, తెలుగు చదువుతుంది. కాగితం చదివేవాళ్లు ఎవరూ లేని ఇళ్లు 11. రెండేళ్లుగా ఆ పదకొండు ఇళ్లకి నేను కాగితాలు పంపుతూనే ఉన్నా.

కొత్తది రాశాను:

*"నమస్తే. మీ పిల్లల చదువు గురించి మీతో కూర్చుని మాట్లాడాలని ఉంది. 15వ తేదీ శనివారం రండి. పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర వరకు గానీ, సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర వరకు గానీ, మీకు వీలైనప్పుడు. పావుగంట చాలు. అమ్మ, నాన్న, అమ్మమ్మ, తాత, పెద్దమ్మ, ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఎవరైనా రావచ్చు.*

*ఏం చేస్తాం: మీ పిల్లలు మీకు ఒక పేజీ చదివి వినిపిస్తారు, పరీక్షలో ఎలా రాశారో చూపిస్తాం. ఇంట్లో పిల్లలు ఎలా ఉంటున్నారో, బడి గురించి ఏం చెప్తున్నారో మీరు మాకు చెప్తారు. బడి నుంచి మీకు ఏం కావాలో రాసుకుంటాం.*

*మీ భాషలోనే మాట్లాడండి. లంబాడీ, ఉర్దూ, హిందీ, ఒడియా తెలిసిన పెద్దవాళ్లు ఆ రోజు బడిలో ఉంటారు. ఆధార్, వేరే కాగితాలు ఏవీ తేవద్దు. డబ్బులు అడగం. ఆ రోజు వీలుకాకపోతే ఎప్పుడు వీలవుతుందో పిల్లలతో చెప్పి పంపండి."*

కింద నా పేరు, ఫోన్ నంబరు. ఇదే వాయిస్ మెసేజ్‌గా కూడా. ఉదయం గంట స్లాటుకి హెడ్‌మాస్టరు గారు ఒప్పుకున్నారు, సాయంత్రానికి మా కొలీగ్స్ కొంచెం గొణిగారు. "ఉపన్యాసం" తీసేశానని సార్‌కి చెప్పడానికి నాకే టెన్షన్, ఆయన నవ్వి వదిలేశారు.

---

పట్నా టు పటాన్‌చెరు · బుధవారం, రాత్రి 9:58

హిందీ వాయిస్ నేను చేసి పెడతా మేడమ్. ఒక చిన్న మార్పు చేయండి, "డబ్బులు అడగం" ముందుకు తీసుకురండి. మా వాడలో మెసేజ్ ఐదు సెకన్లు వింటారు, ఆలోపే కట్ చేస్తారు.

---

తండా బిడ్డ · బుధవారం, రాత్రి 10:20

మా లంబాడీల, గోర్ బోలీల నేను చేస్తా అక్కా, యాడితోనే చెప్పిస్తా. నా గొంతు కంటే ఆమె గొంతు వింటారు. మొదలు రాంరాం చెప్పాలె, "నమస్తే" అంటే బ్యాంకు నుంచి ఫోన్ అనుకుంటరు.

భాష తెలిసిన పెద్దవాళ్లు ఉంటారు అన్నారు కదా, ఎవరు? అదే తండా వాళ్లయితే నాకు కొంచెం అనుమానం. మా వాడి మార్కులు పక్కింటామె చెప్తే సాయంత్రానికి తండా అంతా తెలుస్తది.

---

ఇటుకబట్టి బడి · బుధవారం, రాత్రి 10:41

మంచి ప్రశ్న. మేం ఒక బట్టీ వాళ్లకి ఇంకో బట్టీ నుంచి మనిషిని పిలిచేవాళ్లం. మేడమ్ వేరే వీధి వాళ్లని అడగొచ్చు. లేకపోతే దుబాసీ పని అందరిలో కూర్చున్నప్పుడే పెట్టి, మార్కుల కాగితం ఆ తల్లి చేతికే ఇచ్చి, వేలితో చూపించి చెప్పండి. అంకెలకి దుబాసీ అక్కర్లేదు. పూర్తి పరిష్కారం నా దగ్గర లేదమ్మా.

ఎవరు మాట్లాడినా మేడమ్ దుబాసీ వైపు కాకుండా తల్లి మొహం చూస్తూ మాట్లాడాలి, రెండేసి వాక్యాలకి ఆగాలి. మనం గుక్కతిప్పుకోకుండా ఐదు నిమిషాలు చెప్తే అవతలాయన "బాగా చదవాలంట" అని తేల్చేస్తాడు.

ఇంకోటి, పంచే ముందు హిందీ, ఉర్దూ మెసేజ్‌లు తెలుగు కాగితం చూడని మనిషికి వినిపించి, ఏం అర్థమైందో తిరిగి తెలుగులో చెప్పించుకోండి.

---

సుద్దముక్క · గురువారం, రాత్రి 8:15

సార్ చెప్పినట్టే చేశా. మా బడి ముందు ఆటో ఆగితే డ్రైవర్‌కి హిందీది వినిపించా. "పిల్లల్ని తీసుకుని శనివారం రావాలి, పావుగంట పరీక్ష ఉంది" అన్నాడు! "పరీక్షలో ఎలా రాశారో" అన్న ముక్క అలా వినబడింది. "కాపీ దిఖాయేంగే" అని మార్పించాం, వాళ్లకి నోటుబుక్కు అంటే కాపీ.

---

సుద్దముక్క · ఆదివారం, ఉదయం 11:05

నిన్న 24 మంది వచ్చారు. పొద్దున 15, సాయంత్రం 9. లంబాడా ఇళ్ల నుంచి ఏడుగురు, తండా బిడ్డ వాళ్ల యాడి గొంతు గురించి అందరూ అడిగారు, ఆమె ఎవరని. బిహార్ వాళ్లు ఆరుగురిలో నలుగురు, ఉర్దూ ఇళ్ల నుంచి ముగ్గురే. ఉర్దూ కాగితం ఆలస్యంగా శుక్రవారం ఇచ్చా, తప్పు నాదే. ఒడియా అమ్మాయి వాళ్ల అక్క వచ్చింది, వాళ్లమ్మ గేటు దాకా వచ్చి లోపలికి రాలేదు. బయటికెళ్లి మాట్లాడా. ఏం మాట్లాడానో ఆమెకి ఎంత అర్థమైందో తెలియదు, కూతురు చదువుతుంటే మాత్రం గోడ పక్కన నిలబడి విన్నది.

"బడి నుంచి ఏం కావాలి" దగ్గర ఇబ్బంది వచ్చింది. ఆరో పాయింట్ నేను తీసేశాను కదా. బిహార్ నాన్న ఒకాయన, లంబాడా తల్లులు ఇద్దరు, వాళ్లంతట వాళ్లే అడిగారు: "ఇంట్లో మేం తెలుగు, ఇంగ్లీషు ఎలా మాట్లాడించాలి, మీరు చెప్పండి" అని. మీ భాషలోనే మాట్లాడండి అంటే ఆయన మొహం చిన్నబోయింది. మా వాడికి వద్దంటున్నారా అన్నట్టు చూశారు.

---

పట్నా టు పటాన్‌చెరు · ఆదివారం, మధ్యాహ్నం 12:10

మా నాన్న కూడా అలాగే చూసేవాడు మేడమ్. మీ భాష చాలు అంటే, మీ స్థాయి అంతే అన్నట్టు వినబడుతుంది. ముందు "తెలుగు, ఇంగ్లీషు బడిలో మేం నేర్పుతాం, ఇదిగో ఇంతవరకు వచ్చాడు" అని పుస్తకం తీసి చూపించండి. ఆ పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉంటుంది కదా. ఇంటి భాష మాట తర్వాత ఎత్తండి.

---

తండా బిడ్డ · ఆదివారం, మధ్యాహ్నం 12:45

నాకు ఇప్పటికీ తేల్చుకోరాదు. నా బిడ్డతో నేను తెలుగులనే మాట్లాడుతున్న.

---

ఇటుకబట్టి బడి · ఆదివారం, సాయంత్రం 4:30

మేడమ్, రాని 14 ఇళ్లలో కాగితం చదవలేని ఆ పదకొండు ఇళ్లు ఎన్ని ఉన్నాయో లెక్క చూశారా?

---

సుద్దముక్క · ఆదివారం, సాయంత్రం 5:02

ఆరు సార్. వచ్చే వారం సాయంత్రం రెండేసి ఇళ్లకి వెళ్దామనుకుంటున్నా. తండా వైపు వెళ్లేటప్పుడు చెల్లెలి వాళ్ల యాడి తోడొస్తానన్నారు.